పాచిక పడే ముహూర్తం

పోకెమాన్ ఆటల్లో 'షైనీ' అనే అరుదైన రకం ఉంటుంది. జంతువు అదే, రంగు మాత్రం వేరు. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం వచ్చిన 'పోకెమాన్ ఎమరాల్డ్'లో అలాంటిది ఎదురయ్యే అవకాశం 8192లో ఒక వంతు. ఏళ్ల తరబడి ఆడినా ఒక్కటీ కనపడని పిల్లలు బోలెడంతమంది. కొందరు మాత్రం అదే ఆట, అదే చిప్పు పెట్టుకుని, పక్కన ఒక టైమర్ ఉంచుకుని, ఫలానా రోజు ఫలానా షైనీ పడతానని ముందే చెప్పి మరీ పట్టేస్తారు. చిప్పులో వాళ్లు ఏ మార్పూ చేయరు, దొంగ కోడ్ వాడరు. అందరూ నొక్కే మీటలే నొక్కుతారు. ఎప్పుడు నొక్కాలో వాళ్లకు తెలుసు, అంతే తేడా.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే ముందు ఆ చిన్న యంత్రం పాచిక ఎలా వేస్తుందో చూడాలి. గేమ్‌బాయ్ లోపల దొర్లే వస్తువేదీ లేదు. ఉన్నదల్లా లెక్క. మెమరీలో ఒక చోట ఒక పెద్ద సంఖ్య ఉంటుంది. ఆటకు యాదృచ్ఛిక సంఖ్య కావలసి వచ్చినప్పుడల్లా ఆ పాత సంఖ్య నుంచి కొత్త సంఖ్యను ఇలా తయారు చేసుకుంటుంది:

```
X = (X * 1103515245 + 24691) mod 4294967296
```

ఒక గుణకారం, ఒక కూడిక. చివరి ముక్కకు అర్థం ఏమిటంటే, ఫలితం 32 బిట్ల గదిలో పట్టినంతే ఉంచుకుని మిగతాది వదిలేయాలి. 16.78 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే చిన్న ప్రాసెసర్‌కి ఇది రెప్పపాటు పని కూడా కాదు. అందుకే ఎంచుకున్నారు.

X మొదట సున్నా అనుకుని కాగితం మీద చేసి చూద్దాం. మొదటి అడుగులో 24691 వస్తుంది. దాన్ని మళ్లీ అదే లెక్కలో పెడితే 3917380458. ఆ తర్వాత 1383151765, ఆ తర్వాత 833674724. చూడటానికి తలాతోకా లేని సంఖ్యలే. కానీ ఒక్కసారి చివరి అంకెలు గమనించండి: బేసి, సరి, బేసి, సరి. ఎంత దూరం వెళ్లినా ఇదే వరస. ఈ రకం లెక్కలో కింది భాగం ఎప్పుడూ ఇలాగే బలహీనంగా ఉంటుంది. ఆట రాసినవాళ్లకు అది తెలుసు కాబట్టి, ప్రతి సంఖ్యనీ 65536తో భాగించి భాగఫలాన్ని మాత్రమే వాడారు. ఆ లెక్కన పై నాలుగు సంఖ్యల నుంచి ఆటకు అందేవి 0, 59774, 21105, 12720.

ఇప్పుడు ఈ నాలుగింటితో ఒక పోకెమాన్‌ను పుట్టిద్దాం. రేక్వాజా లాంటి కదలకుండా కూర్చుని ఉండే పెద్ద జీవి ఎదురైనప్పుడు ఆట వరసగా నాలుగు సంఖ్యలు తీసుకుంటుంది. మొదటి రెండూ కలిపితే ఆ జీవి గుర్తింపు సంఖ్య. రెండోది పైన, మొదటిది కింద పెట్టి కలపాలి. మన ఉదాహరణలో అది 3917348864. దీన్ని 25తో భాగిస్తే శేషం 14. ఆటలో 25 స్వభావాలున్నాయి, సున్నా నుంచి లెక్కపెడితే 14వది 'నైవ్'. అంటే వేగం పెరుగుతుంది, ప్రత్యేక రక్షణ తగ్గుతుంది. మూడో సంఖ్య 21105. దాన్ని 32తో భాగిస్తే శేషం 17, అది ప్రాణశక్తికి. భాగఫలం 659ని మళ్లీ 32తో భాగిస్తే శేషం 19, అది దాడికి. మిగిలిన 20 రక్షణకు. నాలుగోదైన 12720ని కూడా ఇలాగే విడగొడితే వేగానికి 16, ప్రత్యేక దాడికి 13, ప్రత్యేక రక్షణకు 12 వస్తాయి. వీటిని ఆటగాళ్లు ఐవీలు అంటారు. ఒక్కొక్కటి 0 నుంచి 31 దాకా ఉంటుంది. ఇవి తెరమీద ఎక్కడా కనపడవు, కానీ ఆ జీవి ఎంత బలంగా ఎదుగుతుందో తేల్చేది ఇవే.

షైనీ అవునా కాదా అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. గుర్తింపు సంఖ్యలోని రెండు సగాలనూ, ఆటగాడికి ఆట మొదట్లో కేటాయించిన రెండు సంఖ్యలనూ బిట్టు బిట్టుగా పోల్చి ఒకే సంఖ్యగా మారుస్తుంది. 0 నుంచి 65535 దాకా ఏదైనా రావచ్చు. వచ్చింది 8 కంటే తక్కువైతే షైనీ. 65536లో 8 అంటే 8192లో ఒకటి. ఆటగాడి రెండు సంఖ్యల్లో ఒకటి తెరమీద కనపడుతుంది, రెండోది రహస్యం. అందుకని స్వభావం, ఐవీల పట్టిక ప్రపంచంలో ఏ ఎమరాల్డ్ చిప్పుకైనా ఒకటే అయినా, షైనీ ఎక్కడ పడుతుందన్నది ఒక్కొక్కరికి ఒక్కో చోట.

ఇక్కడిదాకా చెప్పినదానిలో అవకతవక ఏమీ లేదు. ఆ కాలపు ఆటల్లో చాలావరకు ఇలాంటి లెక్కతోనే పాచిక వేసేవి. X ఎక్కడ మొదలవుతుందో తెలియనంత కాలం, ఆ వరసలో ప్రస్తుతం ఎక్కడున్నామో ఎవరికీ తెలియదు. ఆ మొదటి సంఖ్యను సీడ్ అంటారు. మొత్తం గుట్టు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల చిప్పుల్లో చిన్న గడియారం, దానికో బ్యాటరీ ఉండేవి. ఆట తెరిచిన క్షణాన ఆ గడియారం ఎన్ని నిమిషాలు చూపిస్తుందో ఆ లెక్క నుంచి సీడ్ తయారయ్యేది. ఈ నిమిషానికి ఒక సీడ్, వచ్చే నిమిషానికి మరొకటి. పద్ధతి బాగానే ఉంది, బ్యాటరీ ఉన్నంత కాలం. కొన్నేళ్లకు అది అయిపోతుంది. అప్పుడు ఆట తెరవగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని తెరమీద సందేశం వస్తుంది, ఆ తర్వాత ఆట మామూలుగానే నడుస్తుంది. కానీ గడియారం లేకపోతే ఆట ప్రతిసారీ 2000 జనవరి 1 అనే అనుకుంటుంది. దాన్ని ఒకటో రోజుగా లెక్కేస్తుంది. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి సీడ్ ఎప్పుడూ 1440. బ్యాటరీ చచ్చిన చిప్పును పాతసామానులో పడేసేవాళ్లు పడేస్తే, ఈ విద్య తెలిసినవాళ్లు దాన్నే వెతుక్కుని కొంటారు.

ఎమరాల్డ్ సంగతి ఇంకా విచిత్రం. దానికీ గడియారం ఉంది. గడియారం నుంచి సీడ్ తీసే కోడ్ కూడా ఆటలోనే పడి ఉంది. కానీ దాన్ని ఎవరూ పిలవరు. 2004 ఆరంభంలో ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అనే రెండు ఆటలు వచ్చాయి. వాటి చిప్పుల్లో గడియారం లేదు కాబట్టి గడియారం నుంచి సీడ్ తీసే వరుసను అక్కడ తీసేశారు. అదే ఏడాది ఎమరాల్డ్ తయారు చేసినప్పుడు గడియారాన్ని మళ్లీ పెట్టారు గానీ ఆ ఒక్క వరుసను తిరిగి పెట్టడం మరిచిపోయారు. ఫలితంగా సేవ్ చేసిన ఆటను ఎన్నిసార్లు తెరిచినా X సున్నా నుంచే మొదలవుతుంది. మనం పైన కాగితం మీద వేసిన లెక్క ఊహ కాదన్నమాట. ప్రపంచంలోని ప్రతి ఎమరాల్డ్ చిప్పూ స్విచ్ వేసిన ప్రతిసారీ 24691తోనే మొదలుపెడుతుంది.

మరి ఇన్ని లక్షల మంది ఆడినా అందరికీ ఒకే ఫలితం ఎందుకు రాలేదు? ఎందుకంటే వరస ఆగి ఉండదు. గేమ్‌బాయ్ తెర సెకనుకు దాదాపు 59.73 సార్లు కొత్త బొమ్మ గీస్తుంది. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. ఆటగాడు ఏమీ చేయకుండా నిలబడి ఉన్నా, ప్రతి ఫ్రేమ్‌కీ ఆట ఆ లెక్కను ఒకసారి వేసి X ను ముందుకు జరుపుతుంది. పోరులో ఉన్నప్పుడు ఫ్రేమ్‌కి రెండుసార్లు. ఆటగాడు మీట నొక్కేది సెకనులో అరవయ్యో వంతు అటో ఇటో అయితే అతనికి దక్కే సంఖ్యే వేరు. తెలియకుండా ఆడేవాడి వేలు ఎప్పుడు పడుతుందో అతనికే తెలియదు. కాబట్టి ఎమరాల్డ్‌లో నిజమైన పాచిక మనిషి వేలే. యంత్రం పంచాంగంలాంటిది: ఏ ఘడియకు ఏముందో అంతా ముందే రాసి పెట్టి ఉంటుంది, ఏ ఘడియకు తలుపు తడతామన్నదే మన చేతిలో ఉంటుంది. ముహూర్తం తెలిసినవాడు ఆ ఘడియ కోసం కాచుకుని కూర్చుంటాడు.

ఈ వరస ఎంత పొడవో కూడా లెక్కకట్టవచ్చు. ఏ సంఖ్యా రెండోసారి రాకుండా 429 కోట్లకు పైగా అడుగులు నడిచి, మళ్లీ సున్నాకు వస్తుంది. ఫ్రేమ్‌కి ఒక అడుగు చొప్పున ఆటను ఆపకుండా వదిలేస్తే ఒక చుట్టుకు సుమారు 832 రోజులు. ఎవరికీ అంత దూరం వెళ్లే పని పడదు. మొదటి కొన్ని నిమిషాల్లోనే మంచి ముహూర్తాలు చాలా దొరుకుతాయి.

పట్టే పద్ధతి చూద్దాం. స్కై పిల్లర్ అనే గోపురం పైన రేక్వాజా ఉంటుంది, 70వ స్థాయిలో. దాని ఎదురుగా నిలబడి ఆట సేవ్ చేస్తారు. కంప్యూటర్‌లో పోకేఫైండర్ లాంటి ప్రోగ్రామ్‌లో సీడ్ సున్నా అని చెప్పి, తమ రెండు సంఖ్యలూ ఇచ్చి, ఎలాంటి జీవి కావాలో చెబితే, అది వరసను ముందుకు నడిపి చూసి ఏ ఫ్రేమ్‌లో అది పుడుతుందో చూపిస్తుంది. వాళ్లకు నచ్చింది 10000వ ఫ్రేమ్ దగ్గర ఉందనుకుందాం. 10000ని 59.7275తో భాగిస్తే 167.43 సెకన్లు, అంటే రెండు నిమిషాల 47 సెకన్ల చిల్లర. ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్ నాలుగూ కలిపి నొక్కితే ఆట మళ్లీ మొదటికి వస్తుంది, X సున్నా అవుతుంది. అదే క్షణాన టైమర్ మొదలుపెట్టి, ఆట తెరిచి, రేక్వాజా ముందు కదలకుండా నిలబడతారు. చివరి కొన్ని సెకన్లు టైమర్ టిక్ టిక్ మని కూస్తుంది. ఆఖరి కూతకు ఏ మీట నొక్కుతారు.

మొదటిసారి గురి తప్పుతుంది. తప్పాలి కూడా. మీట నొక్కాక రేక్వాజా అరుస్తుంది, ఆ అరుపు అయ్యాకే ఆట సంఖ్యలు తీసుకుంటుంది. ఆ ఆలస్యం ఎంతో మొదట తెలియదు. దానికి తోడు మన వేలి ఆలస్యం. కానీ తప్పిన గురి ఎక్కడ పడిందో తెలుసుకోవచ్చు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. వచ్చిన రేక్వాజాను పట్టి, దాని స్వభావం, ఆరు బలాల అంకెలు చూస్తారు. ఉదాహరణకు 70వ స్థాయి రేక్వాజాకు ప్రాణశక్తి ఐవీ 31 ఉంటే తెరమీద 248 కనపడుతుంది, 17 ఉంటే 238. 16 ఉన్నా 238యే కనపడుతుంది, ఎందుకంటే ఆట దశాంశాలను కొట్టేస్తుంది. ఒక్క అంకెతో తేలదు గానీ ఆరింటినీ, స్వభావాన్నీ కలిపి పట్టికలో వెతికితే 10000కు దగ్గర్లో సరిపోయే వరుస సాధారణంగా ఒక్కటే ఉంటుంది. 5వ స్థాయి పిల్ల పోకెమాన్‌తో ఇలా చేయడం కష్టం. అక్కడ ఒకే అంకె వెనుక చాలా ఐవీలు దాక్కుంటాయి.

వెతికితే అది 10013వ ఫ్రేమ్ అని తేలిందనుకోండి. 13 ఫ్రేమ్‌లు ఆలస్యం. ఒక్కో ఫ్రేమ్ 16.74 మిల్లీసెకన్లు కాబట్టి టైమర్‌ను 218 మిల్లీసెకన్లు ముందుకు జరుపుతారు. నాలుగు మీటలూ నొక్కి మళ్లీ మొదలు. అరుపు ఆలస్యం ఎప్పుడూ ఒకటే కాబట్టి అది ఈ సవరణలోనే కలిసిపోతుంది. మిగిలేది వేలి తడబాటు మాత్రమే. ఒకసారి రెండు ఫ్రేమ్‌లు ముందు, ఇంకోసారి మూడు తర్వాత, అలా అటూ ఇటూ కొట్టుకుంటూ ఒకసారి సరిగ్గా తగులుతుంది. దీన్ని మోసం అంటారా నేర్పు అంటారా అని ఆటగాళ్లలో పాత తగాదా ఉంది. సెకనులో అరవయ్యో వంతులో మీట నొక్కడం నేర్పు కాదంటే నాకు ఒప్పుకోవాలనిపించదు.

ఎక్కడపడితే అక్కడ ఇది కుదరదు. గోపురం పైన మనుషులెవరూ ఉండరు, అందుకే అక్కడ సులువు. ఊళ్లో అయితే వీధిలో తిరిగే బొమ్మ మనుషులు ఎటు తిరగాలో, ఎప్పుడు అడుగేయాలో కూడా ఇదే వరసలోంచి సంఖ్యలు తీసుకుంటారు. వాళ్లు ఎన్ని తీసుకున్నారో లెక్కపెట్టడం కష్టం. అలాంటి చోట వరస టైమర్ కంటే ముందుకు ఉరుకుతుంది. దాన్ని గుర్తుపట్టడం ఎలాగంటే, తప్పిన గురి ప్రతిసారీ ఒకే వైపు, కానీ వేరువేరు దూరాల్లో పడుతుంటుంది. వేలి తప్పయితే రెండు వైపులా సమానంగా పడాలి.

గడ్డిలో దొరికే మామూలు పోకెమాన్‌లది మరో చిక్కు. అక్కడ ఆట ముందుగా స్వభావాన్ని ఎంచుకుని, ఆ స్వభావానికి సరిపడే గుర్తింపు సంఖ్య తగిలేదాకా జతలు జతలుగా సంఖ్యలు తీస్తూనే ఉంటుంది. ఆ పనికి సమయం పడుతుంది. ఈలోగా తెర కొత్త ఫ్రేమ్ గీయడానికి వస్తే, ఫ్రేమ్‌కి ఒకసారి జరిగే ఆ మామూలు అడుగు మధ్యలో దూరి ఒక సంఖ్యను మింగేస్తుంది. అప్పుడు స్వభావం, రంగు అనుకున్నట్టే వస్తాయి, ఐవీలు మాత్రం పక్క సంఖ్య నుంచి పడతాయి. చాలాకాలం ఆటగాళ్లు దీన్ని వేరువేరు పద్ధతులుగా లెక్కేసి 1, 2, 4 అని నంబర్లు పెట్టుకున్నారు. 1లో ఏదీ తప్పిపోదు, 2లో గుర్తింపు సంఖ్య తర్వాత ఒకటి పోతుంది, 4లో రెండు ఐవీ సంఖ్యల మధ్య ఒకటి పోతుంది. గురి సరిగ్గా తగిలి కూడా వేరే జీవి వచ్చిందని తల పట్టుకున్నవాళ్లు పట్టికలో ఈ మూడు రకాలూ చూసుకుంటే సమాధానం దొరుకుతుంది.

ఇదంతా చూస్తే సీడ్ సరిగ్గా పెట్టి ఉంటే ఈ విద్యకు ఆస్కారమే ఉండేది కాదనిపిస్తుంది. 2010లో వచ్చిన పోకెమాన్ బ్లాక్, వైట్ ఆటల్లో అదే చేసి చూశారు. నింటెండో డీఎస్ మీద నడిచే ఆ ఆటలు తేదీ, గంట, నిమిషం, సెకను, యంత్రం నెట్‌వర్క్ చిరునామా, తెరిచేటప్పుడు ఏ మీటలు నొక్కి ఉంచారు, లోపలి టైమర్ అంకెలు, ఇలా అన్నీ పోగుచేసి ఎస్‌హెచ్ఏ-1 అనే పద్ధతితో కలగాపులగం చేసి సీడ్ తీస్తాయి. అప్పట్లో బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా వాడిన పద్ధతి అది. సీడ్ నుంచి వెనక్కి వెళ్లి, అందులో ఏమేం కలిపారో నేరుగా లెక్కకట్టే దారి లేదు. కానీ ఆటగాడికి వెనక్కి వెళ్లే అవసరమే లేదు. లోపలికి వెళ్లేవన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. తేదీ, సమయం తానే పెట్టుకోవచ్చు. చిరునామా యంత్రం సెట్టింగ్స్‌లో కనపడుతుంది. మీటలు తనవే. టైమర్ అంకెలు ఒక్కో యంత్రంలో కొన్ని విలువల మధ్యే తిరుగుతాయి, ఒకసారి కొలిచి పెట్టుకుంటే చాలు. ప్రోగ్రామ్ వీటన్నిటినీ తీసుకుని, ఫలానా రోజు ఫలానా సెకనుకు ఈ మీటలు నొక్కి ఉంచి ఆట తెరువు అని చెప్పేస్తుంది.

పైగా పని తేలికైంది. ఎమరాల్డ్‌లో ఐవీల కోసం అరవయ్యో వంతు సెకనుకు గురిపెట్టాలి. బ్లాక్, వైట్‌లో ఐవీలు సీడ్ నుంచే నేరుగా పుడతాయి, సీడ్ సెకనుకోసారే మారుతుంది. గురి ఒక సెకను వెడల్పు. స్వభావం, రంగు తేల్చే రెండో వరస ఫ్రేమ్‌తో పాటు పరిగెత్తదు, ఆట సేవ్ చేయడం లాంటి పనులు చేసినప్పుడు ఒక్కో అడుగు కదులుతుంది. దానికి టైమర్ కూడా అక్కర్లేదు, ఎన్నిసార్లు సేవ్ చేయాలో లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.